కోపం వచ్చాక కాదు, రాకముందే నేర్పాలి

సమస్య

మా బాబుకి నాలుగున్నరేళ్లు, పాపకి రెండేళ్లు. వాడు బ్లాకులతో ఏదో కడుతుంటాడు, అది పరుగెత్తుకుంటూ పోయి పడగొట్టేస్తుంది. ఇక చూడండి! చేతికందింది విసురుతాడు, కింద పడి కాళ్లు తన్నుకుంటాడు. మొన్న చెల్లి చెయ్యి కొరికేశాడు. ఎవరో చెబితే ‘బెలూన్ శ్వాస’ గురించి తెలుసుకున్నాను. వాడు ఏడుస్తున్నప్పుడు ‘‘గట్టిగా ఊపిరి పీల్చు నాన్నా, పొట్టలో బెలూన్ ఊదు’’ అన్నాను. ఇంకా రెచ్చిపోయి నన్నే కొట్టాడు. అసలైన బెలూన్లు తెచ్చిచ్చి చూద్దామా అనుకుంటున్నా. ఒక్కటి తగిలిస్తే వాడే దారికొస్తాడని మావారు, మగపిల్లాడికి ఆ మాత్రం కోపం ఉండదా అని అత్తయ్యగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

– ఒక తల్లి, కాకినాడ

సలహా

అమ్మా, మీరు ఎంచుకున్న పద్ధతి మంచిదే, సమయమే కుదరలేదు. ఏడుపు తారస్థాయిలో ఉన్న పిల్లాడికి కొత్త విద్య ఎక్కదు. పైగా ఆ క్షణంలో ‘ఊపిరి పీల్చు’ అంటే ‘నోర్ముయ్’ అన్నట్టే వినిపిస్తుంది. అందుకే వాడు నవ్వుతున్నప్పుడు, రాత్రి పడుకోబోయే ముందు, రోజూ రెండు నిమిషాలు ఆటగా నేర్పండి. అలవాటు కావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు.

బాబును వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద తేలికైన బొమ్మ పెట్టండి. పక్కనే మీరూ పడుకోండి. ‘‘పొట్టలో బెలూన్ ఉంది, బొమ్మను పైకి లేపుదాం’’ అంటూ మూడు లెక్కపెట్టేదాకా ముక్కుతో మెల్లగా పీల్చమనండి. తర్వాత ‘‘బెలూన్‌లోంచి గాలి కొంచెం కొంచెంగా పోతోంది’’ అంటూ అయిదు లెక్కపెట్టేదాకా ‘స్‌స్‌’ అని నోటితో వదలమనండి. కిటుకంతా ఈ వదలడంలోనే ఉంది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, కాబట్టి పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదలాలి. బొమ్మ కదలకుండా భుజాలు లేస్తుంటే ఛాతీ పైభాగంతోనే పీలుస్తున్నాడని అర్థం. బుగ్గలు పూరించి గబగబా ఊదితే తల తిరుగుతుంది. మూడు నాలుగు సార్లు చాలు, ఇష్టం లేదంటే అక్కడితో ఆపేయండి.

అసలైన బెలూన్లు మాత్రం వద్దు. ఊదని బెలూన్ గానీ పగిలిన ముక్క గానీ గొంతులో అడ్డుపడితే ప్రాణాపాయం. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఆ ముప్పు ఎక్కువ. ఇంట్లో రెండేళ్ల పాప కూడా ఉంది కదా!

రెండో ఆట, మనసులో ఉన్నదానికి పేరు పెట్టడం. కోపం, భయం, బెంగ, ఉక్రోషం... ఈ నాలుగింటితో మొదలుపెట్టండి. అద్దం ముందు ఒక్కో ముఖం మీరు పెట్టి వాణ్ణి కనుక్కోమనండి, తర్వాత వాణ్ణి పెట్టమనండి. ‘‘కోపమొస్తే నీకు ఎక్కడ తెలుస్తుంది, చేతుల్లోనా, పొట్టలోనా?’’ అని అడగండి. పిడికిలి బిగుసుకోవడం వాడికే తెలిస్తే, విసిరేముందు ఒక్క క్షణం దొరుకుతుంది.

ఇక చెల్లి మళ్లీ బ్లాకులు పడగొట్టిందనుకోండి. ముందు పాపను పక్కకు తీయండి. వాడు చెయ్యెత్తితే మెల్లగా పట్టుకుని ‘‘కొట్టనివ్వను’’ అని ఒక్కమాట చెప్పండి. వాడి ఎత్తుకు కూర్చుని, వాడికి వినబడేలా మీరే ఆ ‘స్‌స్‌’ శ్వాస తీసుకోండి. వాణ్ణి తీసుకోమనకండి. ఏడుపు వెక్కిళ్లలోకి దిగాక ‘‘అంత కష్టపడి కట్టావు, పడిపోయింది. ఉక్రోషం వచ్చిందా?’’ అనండి. కాదంటే వాదించకండి, అది మీ ఊహ మాత్రమే. ‘నీకు కోపం ఎక్కువ’ అని మాత్రం ఎప్పుడూ అనొద్దు, అది వాడి మీద వేసే ముద్ర అవుతుంది. ఊరుకున్నాక ‘‘విసరడం తప్పు. కోపమొస్తే నన్ను పిలువు’’ అని చెప్పి, ఇద్దరూ కలిసి పాపకు అందని బల్ల మీద మళ్లీ కట్టండి.

మీవారికి ఒక మాట. దెబ్బకు పిల్లాడు భయంతో ఊరుకుంటాడు, కోపమొస్తే కొట్టొచ్చని కూడా నేర్చుకుంటాడు. అత్తయ్యగారు అన్నట్టు కోపం ఉండొచ్చు, కొరకడం కూడదు. మగపిల్లాడైనా అంతే.

పేచీలు పూర్తిగా ఆగిపోవాలని చూడకండి. ముందుకన్నా త్వరగా తేరుకుంటున్నాడా, విసిరేలోపు ‘అమ్మా, కోపం’ అంటున్నాడా అన్నది గమనించండి. ఆకలితోనో నిద్ర చాలకో వచ్చిన పేచీకి అన్నం, నిద్రే మందు.

తన తల తానే కొట్టుకుంటున్నా, ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలంగా మారుతున్నా, వయసుకు తగ్గ మాటలు రాకపోయినా, రోజుకు పలుమార్లు ఎంతకీ తేరుకోలేకపోతున్నా ఈ ఆటలతో సరిపెట్టకుండా పిల్లల వైద్యుడికి చూపించండి.