కాపలాదారా, కెమెరాలా?

ప్రశ్న: నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు వైపు మా కాలనీ. వాచ్‌మన్‌ను తీసేసి నాలుగు కెమెరాలు, కార్డుతో తెరుచుకునే గేటు పెట్టాలని సంఘం సమావేశంలో మాట్లాడబోతున్నాను. ఖర్చు ఎలా పోల్చాలి?

జవాబు: ముందు వాచ్‌మన్ లెక్క సరిచూడండి. వారానికి 168 గంటలు; ఒక మనిషి పని 48 గంటలే. రాత్రింబవళ్లు గేటు దగ్గర మనిషి ఉండాలంటే నలుగురు కావాలి. మీరిప్పుడు ఒక్కరికే జీతమిస్తుంటే, మీ గేటు చాలాసేపు ఖాళీగానే ఉంటోందన్నమాట. సభలో ఇది దాచకండి.

కెమెరాల విషయంలో ఎక్కువమంది మోసపోయేది హార్డ్‌డిస్క్ దగ్గరే. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డయ్యే కెమెరా రోజుకు సుమారు 21 జీబీ నింపుతుంది. నాలుగింటికి 1 టీబీ డిస్క్ పెడితే పన్నెండో రోజుకల్లా పాత దృశ్యాలు చెరిగిపోతాయి. సంక్రాంతికి ఊరెళ్లి రెండు వారాలకు తిరిగొచ్చినవారికి మొదటి రాత్రి దొంగతనం కనబడదు. నెలరోజులు నిలవాలంటే 3 టీబీ అవసరం. ఎస్టిమేటులో అదే అడగండి. రికార్డర్‌కు, గేటుకు యూపీఎస్ కూడా చేర్చండి.

అయినా కెమెరా గోడ దూకేవాణ్ణి ఆపదు, కార్డు గేటు బండి వెనకే దూరే మనిషిని గుర్తించదు. అర్ధరాత్రి అంబులెన్స్ వస్తే గేటు తీసేదెవరు? నా సలహా: పగలు కార్డు గేటు, రాత్రికి మనిషి.