బయ్యారం ఉక్కు వ్యాసంలో మార్కులు ఎక్కడ పోయాయి?

సందేహం: గ్రూప్-1 మెయిన్స్‌కు తెలుగులో సిద్ధమవుతున్నాను. జనరల్ ఎస్సే మాక్ టెస్టులో ‘బయ్యారం ఉక్కు పరిశ్రమ: అవకాశాలు, అవరోధాలు’ అనే అంశం ఇచ్చారు. పక్క మండలమే కాబట్టి బాగా రాశాననుకున్నాను. 50కి 19 వేశారు. ‘ఏకపక్షం, నిర్మాణం లేదు’ అని మాత్రమే రాశారు. జవాబు పత్రం జతచేస్తున్నాను. తప్పు ఎక్కడుందో చెప్పగలరు.
- ఒక అభ్యర్థి, గార్ల

సమాధానం: మీ వ్యాసం రెండుసార్లు చదివి, పదాలు లెక్కపెట్టాను. మొత్తం 1,180. అందులో ఉపోద్ఘాతానికే 340 పోయాయి. పరిశ్రమ కావాలన్న వాదన 600, అవరోధాలు 70, ముగింపు 170. ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. రెండో భాగానికి మీరిచ్చింది ఒక్క పేరా. దిద్దేవారు ‘ఏకపక్షం’ అన్నది అందుకే.

ఆ ఒక్క పేరాలో కూడా ‘ఖనిజం నాసిరకమని కేంద్రం సాకు చెబుతోంది’ అని తోసిపుచ్చారు. ఎదుటి వాదనను దాని పూర్తి బలంతో చెప్పి, ఆ తర్వాత జవాబివ్వాలి. ఆ బలం ఇదీ: ఇక్కడి ఖనిజంలో ఇనుము శాతం తక్కువైతే నేరుగా కొలిమికి పనికిరాదు. దాన్ని పొడిచేసి, శుద్ధిచేసి, గుళికలుగా మార్చాలి. అది అదనపు ఖర్చు. మీరు ‘సింగరేణి బొగ్గు పక్కనే ఉంది’ అని రాశారు. బ్లాస్ట్ ఫర్నేస్‌కు కావలసింది కోకింగ్ బొగ్గు. సింగరేణిలో దొరికేది విద్యుత్ కేంద్రాలకు పనికొచ్చే నాన్-కోకింగ్ బొగ్గు. విషయం తెలిసిన పరిశీలకుడికి ఈ ఒక్క వాక్యంతోనే మిగతా వ్యాసం మీద నమ్మకం సడలుతుంది.

ఇవన్నీ ఒప్పుకున్నాక మీ పక్షానికి ఇంకా చోటుంది. బైలదిలా నుంచి మేలైన ఖనిజం తెచ్చి కలపవచ్చా? విశాఖ ఉక్కుకు డోలమైట్ పంపిన మాదారం గని మీకు దగ్గరే, రైలు మార్గం ఊళ్లోంచే పోతోంది. ముందు గుళికల కర్మాగారంతో మొదలుపెట్టవచ్చా? ఇలా షరతులతో తేల్చిన అభిప్రాయమే సమతుల్యత. చెరి సగం మాట్లాడి ఏ పక్షమూ తేల్చకుండా వదిలేయడాన్ని సమతుల్యత అనరు.

ఇంకో పొరపాటు మొదటి పేజీలోనే ఉంది. ‘విభజన చట్టం బయ్యారంలో కర్మాగారం పెడతామని హామీ ఇచ్చింది’ అని రాశారు. 2014 చట్టం పదమూడో షెడ్యూలు చెప్పింది వేరు: ఖమ్మం జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలి. బయ్యారం పేరు అందులో లేదు. అప్పటికి ఆ మండలం ఖమ్మంలో ఉండేది, 2016లో మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. పరిశీలించడానికీ, పెట్టడానికీ మధ్య ఉన్న దూరమే ఈ వివాదానికి మూలం. దాన్ని సరిగ్గా చెప్పి ఉంటే వ్యాసానికి వెన్నెముక దొరికేది. నిర్మాణం లేదన్నది ఇక్కడే.

గిరిజనుల హక్కుల ఊసే ఎత్తలేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గనులను ప్రైవేటువారికి లీజుకివ్వడాన్ని 1997 సమతా తీర్పు అడ్డుకుంది. ‘ఎవరు పెట్టాలి’ అన్న ప్రశ్నకు జవాబు అక్కడి నుంచే మొదలవుతుంది. దీనికి 50 పదాలైనా కేటాయించాల్సింది.

మళ్లీ రాసేటప్పుడు ఇలా పంచుకోండి: ఉపోద్ఘాతం 120, చట్టం, నేపథ్యం 180, అవకాశాలు 250, అవరోధాలు 250, మార్గం 150, ముగింపు 50. ఉపోద్ఘాతంలో ఉక్కు చరిత్ర, దేశాభివృద్ధి గురించి రాసిన వాక్యాలన్నీ కొట్టేయండి. అవి ఏ పరిశ్రమకైనా సరిపోతాయి. గనులు చూస్తూ పెరిగిన మీరు రాయగలిగింది వేరే ఉంది, దాంతోనే మొదలుపెట్టండి.

సందేహం: వెయ్యి పదాలు తెలుగులో గంటలో పూర్తికావడం లేదు. తగ్గిస్తే మార్కులు పోతాయా?
- భూపాలపల్లి

సమాధానం: మూడు గంటల్లో మూడు వ్యాసాలు, ఒక్కోటి సుమారు వెయ్యి పదాలు. మూడింటికీ 50 మార్కుల చొప్పున సమానమే. తెలుగులో విభక్తులు మాటలోనే కలిసిపోతాయి కాబట్టి 800 పదాల్లోనే చాలా విషయం పడుతుంది. మొదటి వ్యాసాన్ని 1,200కు సాగదీసి మూడోదాన్ని 500 దగ్గర వదిలేయడం కన్నా, మూడూ 850 చొప్పున ముగింపుతో సహా పూర్తిచేయడం మేలు. పది నిమిషాలు చిత్తు, నలభై అయిదు నిమిషాలు రాత, అయిదు నిమిషాలు సరిచూసుకోవడం. చిత్తులో ప్రతి పేరాకు ఒక వాక్యం రాసుకోండి, పక్కన పదాల అంకె వేయండి. మీ చేతిరాతలో పేజీకి ఎన్ని పదాలు పడతాయో ఇంటి దగ్గరే లెక్కచూసుకుంటే, హాల్లో పేజీలను బట్టే ఎంత రాశారో తెలిసిపోతుంది.