ఆరు నెలల డిసర్టేషన్: బఫరు ఎక్కడ పెట్టాలి?

ఇంగ్లండులో ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్ ఎమ్మెస్సీ చదువుతున్న మనవాళ్ళు చాలామందే ఉన్నారు. పేపర్లన్నీ ఎలాగో గట్టెక్కుతాయి. చిక్కంతా చివర్లో వచ్చే ఆర్నెల్ల డిసర్టేషనుతోనే. ఆఫీసులో కోట్ల రూపాయల ప్రాజెక్టుకి షెడ్యూలు వేసేవాళ్ళు కూడా తమ డిసర్టేషనుకి వచ్చేసరికి "ఏప్రిల్ దాకా చదవడం, మేలో ప్రోగ్రాం, జూన్‌లో రాయడం" అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు. ఈసారి ఆ షెడ్యూలు గురించి, ముఖ్యంగా ఆలస్యాల కోసం వదిలిపెట్టే సమయం గురించి మాట్లాడుకుందాం. ఈ సమయాన్నే ప్రాజెక్టు మేనేజిమెంటులో బఫరు అంటారు.

ముందు ఒక కొలత చూద్దాం. ఇక్కడ మాస్టర్స్ డిగ్రీ 180 క్రెడిట్లు. అందులో డిసర్టేషనుకి సాధారణంగా 60 క్రెడిట్లు ఇస్తారు. ఒక క్రెడిట్టుకి 10 గంటల పని అని లెక్క, అంటే మొత్తం 600 గంటలు. ఆరు నెలలంటే 26 వారాలు కాబట్టి వారానికి 23 గంటలు పడుతుంది. ఉద్యోగం చేసేవాడికి వారంలో మూడు సాయంత్రాలు, శని ఆదివారాలు కలిపినా 20 గంటలు దొరకడమే గొప్ప. మిగిలిన 80 గంటలకి దాదాపు పది రోజుల సెలవు కావాలి. ఆ సెలవు ఏ వారాల్లో పెట్టాలో మొదటి రోజే తేల్చుకోవడం మంచిది.

ఇక అసలు ఉదాహరణకి వద్దాం. మా ఆఫీసులో పనిచేసే రాజమండ్రి కుర్రాడు 2025 జనవరి 6న డిసర్టేషను మొదలుపెట్టాడు. జులై 4 శుక్రవారం నాటికి అప్పజెప్పాలి. పాత బగ్ రిపోర్టులను బట్టి, కొత్తగా వచ్చే బగ్ సరిచెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుందో అంచనా వెయ్యవచ్చా అన్నది అతని ప్రశ్న. డేటా కోసం మొజిల్లా వాళ్ళ బగ్‌జిల్లాలో అందరికీ అందుబాటులో ఉన్న రిపోర్టులు తీసుకున్నాడు. వాటితో పాటు పదిమంది డెవలపర్లతో ఇంటర్వ్యూలు చెయ్యాలనుకున్నాడు. ప్లాను గీసి నాకు చూపించాడు. 26 వారాలూ నిండుగా ఉన్నాయి. ఇరవయ్యారో వారంలో "సమర్పణ" అని రాసుంది.

"ఇందులో ఆలస్యానికి చోటు ఎక్కడుంది?" అని అడిగాను.

"ప్రతి పనిలోనూ కొంచెం ఎక్కువే వేసుకున్నాను అన్నయ్యా" అన్నాడు.

ఇదే చాలామంది చేసే పని. ప్రతి పనికీ కొంచెం కొంచెం ఎక్కువ వేసుకుంటే ఆ మిగులు సమయం ఎక్కడికి పోతుందో తెలియకుండా పోతుంది. మూడు వారాల పనికి ఐదు వారాలు ఇస్తే, మొదటి రెండు వారాలు తాపీగా గడిచి అసలు పని మూడో వారంలో మొదలవుతుంది. దీనికి గోల్డ్‌రాట్ అనే ఆయన 1997లో రాసిన "క్రిటికల్ చైన్" పుస్తకంలో "స్టూడెంట్ సిండ్రోమ్" అని పేరు పెట్టాడు. పని మొదలుపెట్టాక ఏదైనా అడ్డం వస్తే, దానికోసమే ఉంచుకున్న సమయం అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. అందుకని ఆయన చెప్పిన ఉపాయం ఇది: ప్రతి పనిలో దాచుకున్న మిగులుని బయటికి తీసి ఒకచోట పోగు చెయ్యండి.

ఎంత పోగు చెయ్యాలన్నది ఇలా లెక్క వేశాం. ప్రతి పనికీ రెండు అంకెలు రాయమన్నాను. అంతా సవ్యంగా సాగితే ఎన్ని వారాలు? మామూలుగా వచ్చే అవాంతరాలు వస్తే ఎన్ని వారాలు? అతను రాసినవి ఇవి:

చదవడం, ప్రతిపాదన: 3 లేక 4
ప్రోగ్రాం కట్టడం, చిన్న డేటాతో నడిపి చూడడం: 3 లేక 5
ఇంటర్వ్యూలు: 3 లేక 5
విశ్లేషణ: 4 లేక 6
మొదటి పూర్తి ప్రతి రాయడం: 4 లేక 6
గైడు చదివే సమయం: 2 లేక 3
దిద్దడం: 2 లేక 3

మొదటి అంకెలు కూడితే 21 వారాలు, రెండోవి కూడితే 32. చేతిలో ఉన్నవి 26. మొదటి ప్లానులో అతను చేసిందల్లా 32ని అన్నివైపులా నొక్కి 26లో ఇరికించడమే.

అన్ని పనులూ ఒకేసారి చెడవు. ఒకటి ఆలస్యమైతే ఇంకోటి వేళకి అవుతుంది. అందుకని మిగుళ్ళన్నీ కూడి 11 వారాలు ఉంచనక్కర్లేదు. గోల్డ్‌రాట్ పద్ధతిని వాడేవాళ్ళు ఒక్కో పనిలో రెండు అంకెల తేడా తీసుకుని, ఆ తేడాల వర్గాలను కూడి, వర్గమూలం తీస్తారు:

√(1+4+4+4+4+1+1) = √19 ≈ 4.4

నాలుగున్నర వారాలన్నమాట. ఈ లెక్కకి ఒక పరిమితి ఉంది. ఆలస్యాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే ఇది సరిపోతుంది. ఆఫీసులో రిలీజు వచ్చిందంటే ఆ నెలలో ఉన్న పనులన్నీ కలిసి వెనకబడతాయి. అందుకే కిందికి కాకుండా పైకి సవరించి 5 వారాలు చేశాం. 21కి 5 కలిపితే సరిగ్గా 26.

బఫరు మొత్తం చివరే పెట్టాలని పుస్తకం చెబుతుంది. డిసర్టేషనుకి మాత్రం రెండుగా విడగొట్టడం మేలని నా అనుభవం. విశ్లేషణకి అంతం అంటూ ఉండదు, ఇంకో ప్రయోగం చేస్తే బాగుంటుందని ఎప్పుడూ అనిపిస్తుంది. అది రాయాల్సిన వారాలను తినేయకుండా మధ్యలో ఒక గోడ కావాలి. కొత్త ప్లాను ఇలా వచ్చింది: 1 నుంచి 3 వారాలు ప్రతిపాదన, 4 నుంచి 6 ప్రోగ్రాం, 7 నుంచి 9 ఇంటర్వ్యూలు, 10 నుంచి 13 విశ్లేషణ, 14, 15 మొదటి బఫరు, 16 నుంచి 19 రాయడం, 20, 21 గైడు చదవడం, 22, 23 దిద్దడం, చివరి మూడు వారాలు రెండో బఫరు. ఆఫీసు సెలవులు పదీ విశ్లేషణ వారాల్లోనూ రాసే వారాల్లోనూ పడ్డాయి.

మైలురాళ్ళు నాలుగే పెట్టుకున్నాడు. ఒక్కోదాని దగ్గర ఇంకొకళ్ళకి చూపించగలిగే వస్తువు ఉండాలన్నది షరతు. "సాహిత్య సమీక్ష 80 శాతం అయింది" అంటే మైలురాయి కాదు. మూడో వారం చివర ఒక్క వాక్యంలో ప్రశ్న, దానికి గైడు ఒప్పుకోలు, ఎథిక్స్ అనుమతి కోసం దరఖాస్తు. ఆరో వారం చివర చిన్న డేటా మీద మొదటినుంచి చివరిదాకా నడిచిన ప్రోగ్రాం, దానిలోంచి వచ్చిన ఒక పట్టిక. పదిహేనో వారం చివర ప్రయోగాలకి తలుపు మూత. పంతొమ్మిదో వారం చివర, లోపాలున్నా సరే, పూర్తి ప్రతి గైడు చేతిలో.

ఎథిక్స్ దరఖాస్తు మూడో వారంలోనే ఎందుకో చెప్పాలి. మనుషులతో ఇంటర్వ్యూలు చెయ్యాలంటే విశ్వవిద్యాలయం కమిటీ అనుమతి ముందుగా రావాలి. అది రాకముందు సేకరించిన జవాబులు వాడుకోవడానికి వీల్లేదు. దరఖాస్తు రాయడానికి రెండు సాయంత్రాలు చాలు, జవాబు రావడానికి మాత్రం వారాలు పడుతుంది. ఒకసారి సవరణలకి తిరిగి రావడం మామూలే. మన చేతి పని తక్కువగా, ఎదురుచూపు ఎక్కువగా ఉండే పనులన్నీ అన్నిటికన్నా ముందు మొదలుపెట్టాలి.

ఇంకో సంగతి. ముందే తెలిసిన సెలవు ఆలస్యం కిందికి రాదు. అతని చెల్లెలి పెళ్ళి మే నెలలో. దాన్ని బఫరులో పెడతానన్నాడు. ముహూర్తం ఎప్పుడో తెలిసినప్పుడు దాన్ని క్యాలెండర్లో నేరుగా గుర్తు పెట్టాలి గానీ బఫరుని ముట్టుకోకూడదు. గైడు ప్రతి చదివే 20, 21 వారాల్లోనే ప్రయాణం పెట్టుకున్నాడు. దాంతో పంతొమ్మిదో వారం మైలురాయికి విమానం టిక్కెట్టే కాపలా అయింది.

ప్రతి ఆదివారం రాత్రి ఒకే ప్రశ్న వేసుకోమన్నాను: చేతిలో ఉన్న పనికి ఇంకా ఎన్ని రోజులు కావాలి? ఎంత శాతం అయిందని అడిగితే చాలాకాలం "90 శాతం" అనే జవాబే వస్తుంది. మిగిలిన రోజులు అడిగితే ఆలస్యం వెంటనే బయటపడుతుంది. ఆ ఆలస్యం బఫరులోంచి తీసి రాసుకోవాలి. 21 వారాల పనిలో మూడోవంతు అయ్యేసరికి బఫరులో మూడోవంతు ఖర్చయితే ఫరవాలేదు. మూడోవంతు పనికే సగం బఫరు పోతే మాత్రం ఏదో ఒకటి తగ్గించాలి. ఏది తగ్గించాలో మొదటి నెలలోనే గైడుతో మాట్లాడి రాసి పెట్టుకున్నాడు: ముందు ఇంటర్వ్యూలు పది నుంచి ఆరుకి, తర్వాత రెండో అల్గారిథం. అలసిపోయి ఉన్న జూన్ నెలలో అలాంటి నిర్ణయాలు సరిగ్గా కుదరవు.

మరి ఏం జరిగింది? ఎథిక్స్ దరఖాస్తు ఆరో వారంలో తిరిగొచ్చింది. రికార్డింగులు ఎక్కడ దాస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అని అడిగారు. అనుమతి వచ్చేసరికి ఎనిమిదో వారం పూర్తయింది. ఈ రెండు వారాలూ ఖాళీగా కూర్చోకుండా, పదో వారంలో మొదలవ్వాల్సిన బగ్‌జిల్లా విశ్లేషణ ముందుకు జరిపాడు. అందువల్ల మొదటి బఫరులో ఒక వారమే పోయింది. రెండో వారాన్ని కొత్త ప్రయోగంతో నింపాలని అతనికి చాలా మనసైంది. వద్దన్నాను. రాయడం వారం ముందే, ఏప్రిల్ 14న మొదలైంది. మొదలైన మూడో వారంలో ఆఫీసు రిలీజు వచ్చి సరిగ్గా ఆ వారాన్ని తినేసింది. అయినా మే 18 ఆదివారం నాటికి ప్రతి గైడుకి చేరింది, కుర్రాడు రాజమండ్రి బయలుదేరాడు.

గైడు వ్యాఖ్యలు అనుకున్నదానికి వారం ఆలస్యంగా వచ్చాయి. దిద్దడం పదిహేను రోజులు పట్టింది. రిఫరెన్సులు, బొమ్మల నంబర్లు సరిచూసుకుని జూన్ 27 శుక్రవారం అప్పజెప్పాడు. ఇంకా ఒక వారం చేతిలో ఉంది.

బఫరు ఏం చెయ్యలేదో కూడా చెప్పాలి. ప్రశ్నే సరైంది కాకపోతే, లేదా డేటా ఇస్తామన్న కంపెనీ ఇవ్వనంటే, ఐదు వారాలు కాదు పది వారాలున్నా సరిపోదు. ఆ రెండు ప్రమాదాలూ ఆరో వారంలో తియ్యాల్సిన ఆ చిన్న పట్టికతో బయటపడతాయి. అది రాకపోతే ఏడో వారంలోకి వెళ్ళకుండా, గైడు దగ్గర కూర్చుని ప్రశ్న మార్చుకోవాలి. అప్పటికింకా ఇరవై వారాలు చేతిలో ఉంటాయి.