బాలింత పథ్యం, పసిబిడ్డ కడుపుబ్బరం

సమస్య: కాన్పయి ఆరు వారాలైన ఒక బాలింత, బిడ్డకు గ్యాస్ చేస్తుందన్న పెద్దల మాట మీద కందిపప్పు, శనగపప్పు, వంకాయ, దుంపకూరలు, పెరుగు మానివేసి, వెల్లుల్లి కారం, నెయ్యి కలిపిన అన్నంతోనే పూటలు గడుపుతున్నది. అయినప్పటికీ బిడ్డ ప్రతి సాయంత్రం కాళ్లు ముడుచుకొని, ముఖం ఎర్రబడేలా రెండు గంటలపాటు ఏడుస్తున్నది. పుట్టినప్పుడు 2.9 కిలోలున్న బిడ్డ ఇప్పుడు 4.1 కిలోలకు చేరింది. విరేచనం మామూలుగానే ఉన్నది. ఇంకా ఏ పదార్థాలు మానాలన్నది ఆమె ప్రశ్న.

సలహా: ఇంకేమీ మానవలసిన పని లేదు సరికదా, మానినవాటిని తిరిగి తినడం అవసరం. పప్పులలో అరగకుండా మిగిలే కొన్ని పిండిపదార్థాలను తల్లి పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టడం వల్ల వాయువు పుడుతుంది. అయితే పాలు తయారయ్యేది పేగులోని పదార్థం నుంచి కాక రక్తం నుంచి కాబట్టి, ఆ వాయువు పాల ద్వారా బిడ్డకు చేరదు. బిడ్డ కడుపులోని గాలిలో చాలా భాగం పాలు తాగేటప్పుడు, ఏడ్చేటప్పుడు మింగినదే. పైగా పసిబిడ్డల ఏడుపు సాధారణంగా ఆరు వారాల ప్రాయంలో తారస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది కనుక, ఆ సమయంలో ఏ కూర మానినా ఆ పథ్యమే పనిచేసినట్లు తోస్తుంది.

పాలలోకి స్వల్పంగా చేరగలిగేవి ఆహారంలోని ప్రోటీన్ల, అంటే మాంసకృత్తుల, అంశాలు. వాటిలో ఆవుపాల ప్రోటీను కొద్దిమంది శిశువులకు పడదు. అప్పుడు విరేచనంలో నెత్తురు చారలు, జిగట, ఒంటిపై తగ్గని గజ్జి వంటి దద్దురు, పదేపదే వాంతులు, బరువు పెరగకపోవడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. అటువంటప్పుడు వైద్యుని సలహాతో పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, పాలతో చేసిన మిఠాయిలు రెండు నుంచి నాలుగు వారాలు పూర్తిగా మాని, గుణం కనిపిస్తే తిరిగి తిని చూడాలి. లక్షణాలు మళ్లీ వస్తేనే కారణం అదేనని తేలుతుంది. పాలు మానినన్నాళ్లు కాల్షియం లోటును వైద్యుడు సూచించిన విధంగా పూరించుకోవాలి.

ఈ బిడ్డలో అటువంటి లక్షణాలేవీ లేవు. ఆరు వారాలలో 1.2 కిలోలు పెరగడం పాలు చక్కగా అందుతున్నాయనడానికి గుర్తు. తల్లి మాత్రం, మొదటి ఆరు నెలలు పాలిచ్చేవారికి రోజుకు సుమారు 600 కేలరీలు అదనంగా కావలసి ఉండగా, ఉన్న తిండినే తగ్గించుకున్నది. ఆమె పప్పు, కూర, పెరుగు మళ్లీ మొదలుపెట్టి, బిడ్డ నోటిలోకి చనుమొనతోపాటు దాని చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు వెళ్లేలా పట్టించి, తాగాక భుజాన వేసుకొని త్రేన్పు వచ్చేలా వీపు నిమరడం మేలు. పచ్చని వాంతి, జ్వరం, పాలు తాగకపోవడం, విరేచనంలో నెత్తురు కనిపిస్తే మాత్రం పథ్యం మార్చి చూడకుండా అదే రోజు పిల్లల వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి.