వార్తను కుదించడం: శీర్షిక, ఒక్క వాక్యం, చిన్న పేరా

పోయిన నెల మన గోడ పత్రికలో చంద్రయాన్-3 వార్త సారాంశం రాసింది నేనే. "చంద్రుడిపై దిగిన తొలి దేశం భారత్" అని పెద్ద అక్షరాలతో శీర్షిక పెట్టాను. అందరూ బాగుందన్నారు. మొదటి సంవత్సరం చెల్లెళ్లు కొందరు నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నారు కూడా. వారం తర్వాత మేడమ్ గోడ ముందు నిలబడి, "అయితే ఆర్మ్‌స్ట్రాంగ్ 1969లో ఎక్కడ దిగాడమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నేను చదివిన వార్తలో తప్పు లేదు. కుదించేటప్పుడు నేనే తప్పు చేశాను. అందుకే ఈసారి అదే వార్తను మళ్లీ తీసుకుని, ఎలా కుదించాలో మీ ముందు చేసి చూపిస్తాను.

ముందు అసలు వార్త. ఆనాటి విషయాలతో నేను రాసుకున్నది ఇది. సుమారు వంద మాటలుంటుంది.

"బెంగళూరు, ఆగస్టు 23: భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఇస్రో పంపిన చంద్రయాన్-3 లోని విక్రమ్ ల్యాండర్ బుధవారం సాయంత్రం 6.04 గంటలకు చంద్రుడి దక్షిణ ధ్రువానికి సమీప ప్రాంతంలో సురక్షితంగా దిగింది. దీంతో అమెరికా, సోవియట్ యూనియన్, చైనాల తరువాత చంద్రుడిపై నౌకను సురక్షితంగా దించిన నాలుగో దేశంగా భారత్ నిలిచింది. దక్షిణ ధ్రువ ప్రాంతంలో దించిన దేశాల్లో మాత్రం భారత్‌దే మొదటి స్థానం. జులై 14న శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం-3 రాకెట్ ద్వారా చంద్రయాన్-3ను పంపారు. ఆగస్టు 5న అది చంద్రుడి కక్ష్యలోకి చేరింది. బెంగళూరు పీణ్యలోని ఇస్ట్రాక్ కేంద్రం నుంచి శాస్త్రవేత్తలు దిగే దశను పర్యవేక్షించారు. దక్షిణాఫ్రికా పర్యటనలో ఉన్న ప్రధానమంత్రి వీడియో ద్వారా ఆ దృశ్యాన్ని చూసి శాస్త్రవేత్తలను అభినందించారు. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ దిగే దశలో కూలిపోయింది. విక్రమ్ లోపల ఉన్న ప్రజ్ఞాన్ రోవర్ చంద్రుడి నేలపై తిరుగుతూ 14 రోజుల పాటు పరిశోధన చేయనుంది."

మొదట ఒక్క వాక్యం

మనం సాధారణంగా శీర్షికతో మొదలుపెడతాం. పైన ఉండేది అదే కదా అని. కానీ ముందు రాయాల్సింది ఒక్క వాక్యపు సారాంశం. అది కుదిరితే శీర్షిక దానిలోంచి తీసుకోవచ్చు, పేరా దాని మీద కట్టుకోవచ్చు.

పెన్సిల్ పట్టుకుని వార్తలో ఆరు ప్రశ్నలకు జవాబులు గీత గీయండి. ఎవరు? ఇస్రో. ఏమిటి? ల్యాండర్ సురక్షితంగా దిగింది. ఎప్పుడు? ఆగస్టు 23 సాయంత్రం. ఎక్కడ? దక్షిణ ధ్రువ సమీపంలో. ఎలా? శ్రీహరికోట నుంచి రాకెట్‌లో వెళ్లి, కక్ష్యలోకి చేరి. ఎందుకు? రోవర్‌తో పరిశోధన చేయడానికి. ఆరింటినీ ఒక్క వాక్యంలో కుక్కకూడదు. ఈ వార్త ఈ రోజే ఎందుకు వార్త అయ్యిందో చెప్పే జవాబులు చాలు. రాకెట్ ప్రయాణం జులై నాటి వార్త, పరిశోధన రేపటి వార్త. ఆ రెండూ తీసేస్తే మిగిలేది ఇది:

"ఇస్రో పంపిన చంద్రయాన్-3 ల్యాండర్ బుధవారం సాయంత్రం చంద్రుడి దక్షిణ ధ్రువ సమీపంలో సురక్షితంగా దిగడంతో, ఆ ప్రాంతంలో ల్యాండర్‌ను దించిన మొదటి దేశంగా భారత్ నిలిచింది."

ఇరవై మాటలు. క్రియ ఉంది, కర్త ఉంది. చదివినవాళ్లకు "అయితే ఏమిటి?" అన్న సందేహం రాదు.

తరువాత శీర్షిక

తెలుగు శీర్షిక ఆరేడు మాటలు దాటితే బరువెక్కుతుంది. సమాపక క్రియ అవసరం లేదు. "చంద్రయాన్-3 దిగింది" అనే బదులు "దిగిన చంద్రయాన్-3" అంటే చాలు, మన పేపర్లన్నీ చేసేది అదే. చంద్రుడు జాబిల్లి అవుతాడు, సమీపంలో అన్నది చెంత అవుతుంది.

"జాబిల్లి దక్షిణ ధ్రువం చెంత దిగిన చంద్రయాన్-3"

ఇందులో "చెంత" తీసేస్తే ఇంకా పొట్టిగా ఉంటుంది కదా అనిపిస్తుంది. అక్కడే జారిపడతాం. విక్రమ్ దిగింది దాదాపు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర. ధ్రువం 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. మధ్య దూరం సుమారు 600 కిలోమీటర్లు. "ధ్రువంపై దిగిన" అంటే అబద్ధమే. నేను చేసిన తప్పూ ఇలాంటిదే. "దక్షిణ ధ్రువ ప్రాంతంలో" అన్న రెండు మూడు మాటలు కోసేశాను, "తొలి దేశం" మాత్రం ఉంచుకున్నాను. పోనీ "చంద్రుణ్ణి తొలిసారి తాకిన భారత్" అని రాద్దామా? అదీ కుదరదు. 2008 నవంబర్ 14న చంద్రయాన్-1 వదిలిన పరికరం చంద్రుడి మీద పడింది. 2023లో కొత్తది తాకడం కాదు, సురక్షితంగా దిగడం.

కాబట్టి తొలి, ఏకైక, అతి పెద్ద లాంటి మాట ఏది వాడినా, దానికి హద్దు చెప్పే మాట పక్కనే ఉండాలి. హద్దుకు చోటు లేకపోతే ఆ గొప్ప మాటనే వదిలెయ్యాలి.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది, విభక్తి ప్రత్యయాలు కోసెయ్యడం. "విద్యార్థినుల సన్మానం" అని శీర్షిక పెడితే, విద్యార్థినులు ఎవరినో సన్మానించారా, విద్యార్థినులనే సన్మానించారా? "విద్యార్థినులకు సన్మానం" అంటే సందేహం లేదు. ఒక్క "కు" మిగిల్చినందుకు చోటేమీ తరిగిపోదు.

చివర చిన్న పేరా

పేరా అసలు వార్తలో మూడో వంతు దగ్గరగా ఉండాలి. వంద మాటలకు ముప్పై అయిదు, నలభై.

"ఇస్రో పంపిన చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ ఆగస్టు 23 సాయంత్రం 6.04కు చంద్రుడి దక్షిణ ధ్రువ సమీపంలో సురక్షితంగా దిగింది. ఆ ప్రాంతంలో ల్యాండర్‌ను దించిన మొదటి దేశం, చంద్రుడిపై దించిన నాలుగో దేశం భారత్. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ ఈ దశలోనే కూలిపోయింది. ప్రజ్ఞాన్ రోవర్ 14 రోజులు పరిశోధన చేస్తుంది."

ఏం పోయాయో చూడండి. రాకెట్ పేరు, కక్ష్యలోకి చేరిన తేదీ, ప్రధాని అభినందన, మన ఊరి పీణ్య. పీణ్యను తీసేయడానికి నాకు మనసు రాలేదు, మా ఇంటి నుంచి రెండు బస్సుల దూరం మరి. కానీ అది లేకపోయినా వార్త అర్థమవుతుంది. చంద్రయాన్-2 లేకపోతే మాత్రం ఈ విజయం బరువు తెలీదు, అందుకే అది ఉంది. "మనదే", "గర్వకారణం" లాంటి మాటలు వార్తలో లేవు కాబట్టి సారాంశంలోకీ రాకూడదు.

మనలో చాలామందిమి కన్నడ పేపరో ఇంగ్లిషు పేపరో చదివి తెలుగులో రాస్తాం. అనువాదం, కుదింపు ఒకేసారి చెయ్యకండి. ముందు చదివిన భాషలోనే గీతలు గీసుకోండి, తరువాత తెలుగులో వాక్యం కట్టండి. రెండూ కలిపి చేస్తే హద్దు చెప్పే మాటలే ముందు జారిపోతాయి.

సరిగ్గా వచ్చిందా?

వార్త చదవని స్నేహితురాలికి మీ శీర్షిక ఒక్కటే చూపించి, "ఏం జరిగిందనుకుంటున్నావే?" అని అడగండి. ఆమె చెప్పింది అసలు వార్తతో పోల్చండి. నా పాత శీర్షికను మా రూమ్మేటుకు చూపిస్తే, "మనకన్నా ముందు ఎవరూ దిగలేదన్నమాట" అంది. కొత్తది చూపిస్తే, "ధ్రువం దగ్గర ఎక్కడో దిగింది" అంది. గోడ మీద పాత కాగితం తీసేసి, కొత్తది అంటించాను. నోట్సు ఎక్కించుకున్న చెల్లెళ్లు దయచేసి ఆ లైను కొట్టేయండి.