పెండ్లి పత్రికకు నాలుగు వరుసలు

లగ్గాల కాలం వస్తే మా హాలియాలో పత్రిక అచ్చేయించేవాళ్లు ‘పైన చిన్న పాట రాసియ్యండి సార్’ అని అడుగుతుంటారు. ముసలవ్వకు చెవికి ఎక్కాలి, రెండో తరగతి పిల్లగాడు తడబడకుండా చదవాలి. అట్లా రాయగా తెలిసినవి ఇవి.

1. ముందు చప్పట్లు, తర్వాత మాటలు. పొట్టి అక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. సున్నా ఉన్నదానికీ, ఒత్తక్షరానికి ముందున్నదానికీ రెండే. నాలుగు మాత్రలకొక చప్పట పడాలి, వరుసకు నాలుగు చప్పట్లు చాలు.

పచ్చని పందిరి వేశామండీ
పిన్నలు పెద్దలు రావాలండీ
అక్షింతలతో దీవించండీ
ఆపై కమ్మగ భోంచేయండీ

‘పచ్చని’ నాలుగు, ‘పందిరి’ నాలుగు, ‘వేశామండీ’ ఎనిమిది. మొత్తం పదహారు. పెండ్లి ఫంక్షన్ హాల్లో అయినా ఇంటి ముందు పందిరి పడుతూనే ఉంది కదా, అందుకే దానితో మొదలుపెట్టాను. రెండో వరుసలో ఈ పాట అడిగిన ఇంటివాళ్లు ‘పిల్లాపాపలతో’ అని ఉండాలన్నారు. మాట ముద్దుగానే ఉంది, కానీ దానికి పది మాత్రలు. ఎనిమిది పట్టే చోట పది పెడితే చదివేవాడు అక్కడ పరుగెత్తాలి. ‘పిన్నలు పెద్దలు’ సరిగ్గా ఎనిమిది, పైగా పెద్దలూ వచ్చి చేరారు.

2. ప్రాస జంటగా నడవాలి. చివరన ‘అండీ’ ఒక్కటే వినిపిస్తే చప్పగా ఉంటుంది. మొదటి జంటలో ప-పి, రెండో జంటలో అ-ఆ ఎత్తుగడలో కలిశాయి. అవ్వకు రెండో వరుస అందించేది ఆ మొదటి అక్షరమే. పాల్కురికి సోమనాథుడు బసవపురాణం రాసిన ద్విపద కూడా ఇట్లా రెండేసి పాదాల నడకే. చదువురానివాళ్ల నోట కూడా నిలిచే నడక అది.

3. వధూవరుల పేర్లు పాటలో ఇరికించొద్దు. ‘వెంకటేశ్వర్లు’ లెక్కకు ఎనిమిది మాత్రలే. కానీ ‘వెంక’తో మూడయ్యాక ‘టే’కు రెండు. చప్పట ఆ దీర్ఘం నడుమన పడి పేరు విరుగుతుంది. పేర్లు కింద పెద్ద అక్షరాల్లో ఎట్లాగూ ఉంటాయి.

4. వినిపించి చూడాలి. రాసినవాడు చదివితే తప్పు దొరకదు, ఎక్కడ సాగదీయాలో వాడికి ముందే తెలుసు. పిల్లగాడితో చదివించి, అవ్వను తిరిగి చెప్పమనాలి. రెండుసార్లు విన్నాక అవ్వ ఏ మాట మార్చి చెబితే ఆ మాటనే మార్చాలి. చాలాసార్లు అవ్వ మార్చిన మాటే బాగుంటుంది, నేను అదే ఉంచుతాను.

5. అచ్చుకు ముందు ప్రూఫ్ చూడాలి. ‘దీవించండీ’లో ‘దీ’ పొట్టిదై ‘ది’ అయితే ఒక మాత్ర పోతుంది. అంతకంటే ఎక్కువగా జరిగేది ఇంకోటి: కార్డు సన్నగా ఉంటే ‘భోంచేయండీ’ కింది లైనుకు జారుతుంది. నాలుగు వరుసలు ఐదైతే ప్రాస కంటికి కనబడదు. అప్పుడు పాటను కదిలించొద్దు, అక్షరం సైజు తగ్గించమనాలి.