రెండు గాజుల మధ్య నెలవంక

రాజమహేంద్రవరం

చిరంజీవి మాధవికి,

నువ్వు పంపిన నోటు పుస్తకం ఫోటోలు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. ఏకరీతిగా పోలరైజ్ అయిన గోళానికి లెజెండ్రే బహుపదులు రాశావు, సరిహద్దు షరతులు పెట్టావు, గుణకాలు తీశావు. మూడు పేజీల పని. పొటెన్షియల్ లోపలా బయటా సరిగ్గానే వచ్చింది. చిక్కంతా ఆఖరి వరుసలో ఉంది. లోపలి ఫీల్డు P/3ε₀ అని రాసి ఊరుకున్నావు, ముందు ఉండాల్సిన మైనస్ లేదు. పొటెన్షియల్ నుంచి ఫీల్డుకు వచ్చేటప్పుడు అది జారిపోయింది.

నిన్ను కోప్పడటానికి రాయడం లేదు. నేనూ ఎమ్మెస్సీ పరీక్షలో ఇదే లెక్కలో ఇదే మైనస్ వదిలేశాను. నా బాధ వేరు. మూడు పేజీలు రాసిన మనిషికి ఆఖరి వరుస చూడగానే ‘ఇదేదో తేడాగా ఉందే’ అనిపించాలి కదా. అలా అనిపించాలంటే ఛార్జి ఎక్కడ కూర్చుందో ముందు కళ్ళకు కట్టాలి. అందుకే ఈసారి లెజెండ్రేని పక్కన పెట్టి మీ అమ్మ గాజులు రెండు అడుగు.

రెండూ ఒకే కొలతవి కావాలి. ఒకదాని మీద ఒకటి పెట్టి, పైదాన్ని ఒక్క పిసరు పైకి జరుపు. పై అంచున ఒక నెలవంక, కింది అంచున ఒక నెలవంక వస్తాయి. పక్కల గాజులు ఒకదాన్నొకటి దాటే చోట సందు ఉండదు. ఇప్పుడు వాటిని గాజులనుకోకుండా గోళాలనుకో. ఒకటి నిండా సమానంగా పరుచుకున్న ప్లస్ ఛార్జి, సాంద్రత ρ. రెండోది అంతే సాంద్రత గల మైనస్. ప్లస్ గోళాన్ని d దూరం పైకి జరిపాం. రెండూ కలిసి ఉన్న నడిమి భాగంలో నికర ఛార్జి సున్నా. మిగిలింది రెండు నెలవంకలే. పై దాంట్లో ప్లస్, కింది దాంట్లో మైనస్.

నెలవంక మందం చోటును బట్టి మారుతుంది. పై ధ్రువం దగ్గర పూర్తిగా d. అక్షంతో θ కోణం చేసే చోట d cosθ. మధ్యరేఖ దగ్గర ఏమీ లేదు. మందాన్ని ρతో గుణిస్తే ఉపరితలం మీద చదరపు మీటరుకు ఎంత ఛార్జో వస్తుంది: ρd cosθ. ఘనపు మీటరుకు ఉన్న డైపోల్ మొమెంట్ ρd కాబట్టి, అదే P. అంటే σ = P cosθ. పుస్తకంలో P·n అని రాసి ముందుకు పోయేది ఈ నెలవంక మందాన్నే. తెలుగు అకాడమీ పుస్తకాల్లో దీన్ని బద్ధ ఆవేశం అంటారు. పేరు చూసి ఇదేదో లెక్క కోసం ఊహించుకున్న ఛార్జి అనుకునేవాళ్ళు చాలామంది. కాదమ్మా, అది నిజంగా అక్కడ ఉన్న ఛార్జే. అణువులను వదిలి పారిపోలేదు, అంతే తేడా.

జరగడమంటే ఎంతనుకుంటున్నావు? ఘనపదార్థంలో ఘనపు మీటరుకు 10²⁹ ఎలక్ట్రాన్లు ఉన్నాయనుకుంటే ρ సుమారు 1.6 × 10¹⁰ కూలుంబులు. P విలువ చదరపు మీటరుకు ఒక మైక్రోకూలుంబు కావాలంటే d సుమారు 6 × 10⁻¹⁷ మీటర్లు చాలు. అణుకేంద్రకం కంటే కూడా చిన్న దూరం. సగటు జరుగుడు కాబట్టి అంత చిన్న సంఖ్యకూ అర్థం ఉంది. నెలవంకను మందం లేని పొరగా చూడటంలో మనం ఏ తప్పూ చేయడం లేదన్నమాట.

ఇక ఫీల్డు. నిండు ఛార్జి గోళం లోపల ఫీల్డు దాని కేంద్రం నుంచి ఉన్న దూరంతో పాటు పెరుగుతుందని గాస్ నియమంతో డిగ్రీలోనే చేశావు: ρr/3ε₀, కేంద్రం నుంచి బయటికి. రెండు గోళాలూ కలిసిన చోట ఒక బిందువు తీసుకో. ప్లస్ గోళం ఇచ్చేది దాని కేంద్రం నుంచి కొలిచిన r కి తగ్గట్టు, మైనస్ గోళం ఇచ్చేది దాని కేంద్రం నుంచి కొలిచిన r కి తగ్గట్టు, గుర్తు తిరగేసి. రెండూ కలిపితే బిందువు ఎక్కడుందన్న సంగతే కొట్టుకుపోతుంది. మిగిలేది రెండు కేంద్రాల మధ్య దూరం ఒక్కటే:

E = −ρd/3ε₀ = −P/3ε₀

లోపల ఏ మూల చూసినా ఇదే ఫీల్డు, ఇదే దిశ. మైనస్ ఎందుకొచ్చిందో గాజుల వంక చూస్తే చాలు. పైన ప్లస్, కింద మైనస్ ఉంటే మధ్యలో ఉన్న టెస్ట్ ఛార్జిని పైది కిందికి తోస్తుంది, కిందిది కిందికే లాగుతుంది. P పైకి, E కిందికి. నీ ఆఖరి వరుస చెప్పింది దీనికి సరిగ్గా ఎదురు.

బయట ఇంకా తేలిక. బయటివాళ్ళకు నిండు గోళమైతేనేం, దాని కేంద్రంలో పెట్టిన బిందు ఛార్జి అయితేనేం, ఒకటే. కాబట్టి d దూరంలో ఒక ప్లస్, ఒక మైనస్. d అంత చిన్నది కాబట్టి అది డైపోలే, p = (4/3)πR³P. చాలా దూరం పోతేనే డైపోల్‌లా కనిపిస్తుందని నువ్వు మార్జిన్‌లో రాసిన మాట కొట్టెయ్యి. ఈ గోళం విషయంలో ఉపరితలాన్ని దాటిన మరుక్షణం నుంచే అది డైపోల్ ఫీల్డు. పోలరైజ్ అయిన ఘనానికో స్తూపానికో ఈ సుఖం లేదు, అక్కడ నీ మాట నిజమే. గోళానికి మాత్రమే ఈ వెసులుబాటు.

ఒకసారి అంకెలు వేద్దాం. R ఒక సెంటీమీటరు, P చదరపు మీటరుకు ఒక మైక్రోకూలుంబు. లోపల ఫీల్డు మీటరుకు సుమారు 37,600 వోల్టులు, కిందికి. పై ధ్రువానికి ఆనుకుని బయట 2P/3ε₀, అంటే సుమారు 75,300 వోల్టులు, పైకి. గడప ఇటు నుంచి అటు దాటేసరికి దిశే తిరిగిపోయింది. రెంటి తేడా P/ε₀. అక్కడ ఉన్న σ కూడా P కాబట్టి, ఛార్జి పొరను దాటేటప్పుడు లంబ భాగం σ/ε₀ మేరకు దూకాలన్న షరతు అక్షరాలా తీరింది. మధ్యరేఖ దగ్గరికి పోతే σ సున్నా. అక్కడ లోపలా బయటా కూడా −P/3ε₀, దూకుడే లేదు. కేంద్రం నుంచి రెండు సెంటీమీటర్ల దూరానికి, అక్షం మీదే, పోతే 75,300లో ఎనిమిదో వంతు, సుమారు 9,400 మిగులుతుంది.

మైనస్ వదిలేస్తే ఎలా పట్టుకోవాలో కూడా చెబుతాను. పరీక్ష హాల్లో రెండు నిమిషాల పని. నిశ్చల ఛార్జుల ఫీల్డులో అనంతం నుంచి బయల్దేరి అక్షం వెంట గోళంలోంచి దూరి అటుపక్క అనంతానికి పోతే నికరంగా సున్నా రావాలి. బయట పైభాగంలో R నుంచి అనంతం దాకా కూడితే PR/3ε₀. కింది భాగంలోనూ అంతే. రెండూ కలిపి 2PR/3ε₀. లోపల 2R దూరం, ఫీల్డు −P/3ε₀, వెరసి −2PR/3ε₀. కూడితే సున్నా. నీ ప్లస్ వేసి చూడు, 4PR/3ε₀ మిగులుతుంది. అంటే ఆ దారిన ఒక ఛార్జిని తిప్పుతూ పోతే ఊరికే శక్తి వచ్చిపడుతుంది. ఇంట్లో కరెంటు బిల్లు కట్టక్కర్లేదు.

ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. అయస్కాంతీకరించిన గోళం లోపల B విలువ +2μ₀M/3, M వైపే. అది చూసి వచ్చినవాళ్ళు ఇక్కడా ప్లస్సే పెడతారు. కానీ అక్కడ మూలం ఉపరితలం మీద తిరిగే ప్రవాహం, ఇక్కడ ఛార్జి. బయటి రూపం ఒకటే డైపోల్, లోపలి కథ వేరు. మన E కి జత B కాదు, H. అది −M/3.

మరో పుస్తకంలో +P/3ε₀ కూడా కనిపిస్తుంది, కంగారుపడకు. అది లోరెంజ్ లెక్క. పోలరైజ్ అయిన పెద్ద దిమ్మలోంచి చిన్న గోళం తవ్వేస్తే ఆ గుంత గోడ మీది ఛార్జి ఇచ్చే ఫీల్డు. గోడకు లంబం ఎప్పుడూ పదార్థం నుంచి బయటికి, అంటే ఇక్కడ గుంతలోకి. అందుకే ఛార్జి తిరగబడింది, గుర్తూ తిరగబడింది. n ఎటు చూస్తోందో రాయకుండా P·n రాయకు. నేను పేపర్లు దిద్దినన్నాళ్ళూ మార్కులు ఎక్కువ పోయింది ఈ బాణం గీయకపోవడం వల్లే.

ఇలాంటి గోళం నిజంగా చేయొచ్చా అని అడిగావు. చేయొచ్చు. జపాన్‌లో ఎగుచి మైనాన్ని కరిగించి, బలమైన ఫీల్డులో చల్లార్చి పోలరైజేషన్‌ను గడ్డకట్టించాడు. వాటినే ఎలక్ట్రెట్ అంటారు. కానీ P ని ఇష్టమొచ్చినట్టు పెంచలేం. పొడిగాలి మీటరుకు సుమారు 30 లక్షల వోల్టుల దగ్గర తట్టుకోలేక తెగిపోతుంది. మన సూత్రంలో ధ్రువం దగ్గర ఆ ఫీల్డు P విలువ 40 మైక్రోకూలుంబులకే వచ్చేస్తుంది. అంతదాకా కూడా రానివ్వదు గాలి. అందులో ఉండే అయాన్లు మెల్లగా వచ్చి నెలవంక మీద ఎదురు ఛార్జిగా అంటుకుంటాయి. పోలరైజేషన్ లోపల అలాగే ఉన్నా బయట ఫీల్డు తగ్గిపోతుంది. ప్రయోగంలో డైపోల్ ఫీల్డు రాలేదంటే P పోయిందని వెంటనే రాసేయకు, ముందు ఉపరితలం మీద ఏం పేరుకుందో అనుమానించు.

ఆదివారం లోపు ఒక లెక్క చేసి పంపు. డైఎలక్ట్రిక్ స్థిరాంకం K గల మామూలు గోళాన్ని E₀ అనే ఏకరీతి ఫీల్డులో పెట్టాం. లెజెండ్రే వద్దు. లోపలి మొత్తం ఫీల్డు E₀ − P/3ε₀ అని రాసి, P = ε₀(K−1)E అని కలుపు. నాలుగు వరుసల్లో అయిపోవాలి. K విలువ 4 అయితే లోపల E₀లో సరిగ్గా సగం రావాలి. రాకపోతే గాజులు మళ్ళీ తీయి.

మీ బాబాయి